ఫారానికి అర్ధ రూపాయి

1967 ఆగస్టు 7, సోమవారం ఉదయం. ఆబిడ్స్‌లోని ఒక సర్వే ఆఫీసులో విద్యావతి నింపిన నలభై ఫారాలను పక్కన పెట్టారు. ఆమె బి.ఏ. విద్యార్థిని.

అంతకు రెండు వారాల ముందు ఆమె కాలేజీ నోటీసు బోర్డులో ఈ ప్రకటన అతికించారు: "సబ్బు, టీ వాడకంపై ఇంటింటి సర్వేకు విద్యార్థులు కావలెను. ప్రాంతం ఆబిడ్స్, నాంపల్లి. రోజుకు పది ఇళ్లు. తనిఖీ తర్వాత ఫారానికి అర్ధ రూపాయి. శని, ఆదివారాల్లో ఆఫీసులో శిక్షణ. ఉర్దూ కూడా వచ్చినవారికి ప్రాధాన్యం."

ఇంటికి పోకుండా ఒక్క ఫారం నింపినా మొత్తం రద్దని శిక్షణలోనే చెప్పారు. పదింట ఒక ఇంటికి సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి అడుగుతాడు.

సూపర్‌వైజర్ వరప్రసాద్ ఒక ఫారం తీసి చూపించాడు.

"నాంపల్లి స్టేషన్ వెనక ఇల్లు. ఎవరూ రాలేదందమ్మా ఆవిడ."

"నేను పోయిన సార్. అరుగు మీద కూసోబెట్టి నీళ్లు గూడ ఇచ్చింది."

"నేనేం చెయ్యను? మీ పేరు కొట్టేస్తే ఇక మీ కాలేజీ వాళ్లనే తీసుకోరు."

"జర నాతోని రండి సార్. ఆమెనే అడుగుదాం."

ఇద్దరూ నడిచి వెళ్లారు. ఇంటావిడ శంకరమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. వరప్రసాద్‌ను చూసి చేట పక్కన పెట్టింది.

"మళ్ల వచ్చిన్రా సారూ? ఎవ్వరు రాలేదని చెప్పిన గదా."

అతని వెనక విద్యావతి కనిపించింది.

"ఏంది బిడ్డా, నువ్వు రేషనాఫీసు పిల్లవా? సబ్బులని చెప్పి ఇంట్ల మందిని లెక్క రాసుకపోతివి!"

"రేషనేంది అమ్మమ్మా? సబ్బుల సర్వేనే."

"సబ్బులకు కార్డెందుకు? గీ సారు వచ్చుడు వచ్చుడే రేషన్ కార్డు తియ్యమన్నడు."

విద్యావతి వరప్రసాద్ వైపు చూసింది.

"ఫారంలో నలుగురని ఉంది. సరిచూద్దామని అడిగానండీ," అన్నాడతను.

"కార్డుల ఆర్గురున్నరు. కొడుకు, కోడలు వరంగల్ల ఉంటున్నరు. పేర్లు కొట్టేస్తరని ఫికరైంది. అందుకే రాలేదన్న."

"కార్డు సంగతి మాకు అక్కర్లేదమ్మా. ఏ సబ్బు వాడతారో చెప్పండి చాలు."

"బట్టలకే సబ్బు. ఒంటికి సున్నిపిండి. టీ పొడి బేగం బజార్ల విడిగ తెస్తం. గీ పిల్లకు ఇదే చెప్పిన."

వరప్రసాద్ ఫారం తీసి చూశాడు. మూడూ అలాగే ఉన్నాయి. అరుగు మీదే దాని మీద సంతకం పెట్టాడు.

"ఇగ కూసోండి. చాయ్ తాగి మీ కాయితంల గది గూడ రాసుకోండి," అంది శంకరమ్మ.

ఆ సాయంత్రం నలభై ఫారాలూ ఆమోదించారు. బుధవారం విద్యావతికి చాదర్‌ఘాట్ ప్రాంతం ఇచ్చారు. ఆ రోజు కాలేజీ బోర్డులో కొత్త ప్రకటన అంటించారు. అందులో చివర ఒక వాక్యం చేరింది: "సర్వేకు గానీ, తనిఖీకి గానీ వెళ్లినవారు రేషన్ కార్డు అడగరాదు."