పక్క సీటు మార్కులు

నా కారు జోలికొస్తే నేను ఊరుకోను. దమ్మామ్‌లో డ్రైవింగ్ స్కూలుకెళ్లి, పరీక్ష పాసై, నర్సు జీతంతో కొనుక్కున్న కారది. అంతకుముందు హాస్పిటల్ బస్సు కోసం ఎండలో మాడిపోయేదాన్ని.

దాని ఇన్సూరెన్సు నా ఫోన్లో ఉన్న యాప్ చూసుకుంటుంది. ఎంత దూరం పోయాం, ఎంత వేగంగా పోయాం, ఎక్కడ గట్టిగా బ్రేకు తొక్కాం, నడుపుతూ ఫోను పట్టుకున్నామా అన్నీ గమనించి మార్కులు వేస్తుంది. ఎనభై దాటితే రెన్యువల్‌లో ధర తగ్గిస్తారు.

రెన్యువల్ దగ్గర పడ్డాక చూస్తే అరవై ఒకటి. మా ఆయన దానం పక్కనుంచి తొంగి చూశాడు. ఆయన కంపెనీ పికప్ డ్రైవరు.

"ఇదేం నడపడమే రూబీ. డిస్కౌంటు పోయినట్టే. కారమ్మేసి మళ్లీ బస్సెక్కు. ఇరవై ఏళ్ల డ్రైవర్ని చెప్తన్నాను."

ఒళ్లు మండిపోయింది. యాప్‌లో ట్రిప్పులన్నీ తెరిచాను. హాస్పిటల్‌కి పోయి వచ్చినవన్నీ పచ్చగా ఉన్నాయి. ఎర్ర చుక్కలన్నీ శుక్రవారాలవే, అన్నీ ఖోబర్ రోడ్డు మీదే. శుక్రవారం నా కారు ఇంటి ముందే ఉంటుంది. మేం ఖోబర్‌కి కూరగాయలకెళ్లేది ఆయన పికప్‌లో.

"ఏవండీ, మొన్న ఖోబర్‌కి బండెవరు నడిపారు?"

"నేనే. ఏం?"

"సిగ్నల్ దగ్గర లారీ వెనకాల సడన్‌గా తొక్కితే నా జ్యూసంతా ఒళ్లో పడింది. ఇదిగో, ఆ సిగ్నలే. ఎర్ర చుక్క చూడండి."

ఆయన చూశాడు. ఇంకో శుక్రవారం కూడా చూశాడు. ఆయన మొహం చూడాలి అప్పుడు.

నా ఫోను హ్యాండ్‌బ్యాగులో ఉన్నా బండి కదలికను పసిగడుతుంది. స్టీరింగు ఎవరి చేతిలో ఉందో మాత్రం దానికి తెలీదు. మనం చెప్పకపోతే నడిపింది మనమే అనుకుంటుంది. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని ఊరికే అన్నారా? ఆ ట్రిప్పులన్నిటికీ "ప్రయాణికురాలు" అని నొక్కాను. లెక్క మారి ఎనభై తొమ్మిది వచ్చింది. రెన్యువల్ ధర తగ్గింది. నా కారు నాకే ఉంది. గర్వంగా ఉందా అంటే, ఉంది. ఎందుకుండకూడదు?

తర్వాత వారం వాళ్ల కంపెనీ కూడా పికప్‌లన్నిటికీ ఇలాగే మార్కులేసే పెట్టెలు బిగించింది. ఆయన డ్యూటీ నుంచొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బ్రేకు అంత మెల్లిగా ఎలా తొక్కుతావే?"

"ముందున్న బండికి దూరంగా ఉంటే తొక్కే పనే ఉండదు. రండి, నా పక్కన కూర్చోండి. నోరు మాత్రం తెరవకండి."

కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. దారిలో వాళ్ల తమ్ముడు శాంసన్ ఫోన్ చేశాడు.

"ఇప్పుడు మాట్లాడలేనురా," అన్నాడు మా ఆయన. "డ్రైవింగ్ నేర్చుకుంటన్నాను, మీ వదిన దగ్గర."