వకీలమ్మ సెలవు జవాబు

బుధవారం సాయంత్రం కోడలు ఆసుపత్రికి సంచి సర్దుకుంటూ లాప్‌టాప్ అత్తగారి ముందు పెట్టింది. మర్నాడే తన మోకాలికి ఆపరేషన్. నాలుగు రోజులు ఈ వకీలమ్మ ఆఫీసులో ఉండదు. ఈమెయిల్ పంపినవాళ్లకి దానంతటదే వెళ్లే జవాబు రెండు భాషల్లోనూ ఉండాలి.

"ఇంగ్లీషు రాసేశాను అత్తయ్యా. తొందర పనైతే మా తోటి వకీలుకి ఫోన్ చెయ్యమని నంబరు ఇచ్చాను. తెలుగులోనూ అదే రాయండి."

ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన అత్తగారికి ఆ ఇంగ్లీషు మొహమ్మీద తలుపేసినట్టనిపించింది. "నేను లేను, ఇంకొకళ్ల దగ్గరికి పో అంటావా? కక్షిదారు హడలి చస్తాడు!"

"మీ ఇష్టం. నంబరు మాత్రం మర్చిపోకండి."

అత్తగారు మర్చిపోలేదు. నంబరుని ఉత్తరం మధ్యలో ఇరికించడం అందంగా లేదని, కోడలి పేరూ హోదాతోపాటు ఈమెయిల్ అడుగున వచ్చే రెండు భాషల సంతకంలో చక్కగా పేర్చింది. పైన ఇలా రాసింది: 'మీ ఉత్తరం అందింది. నేను సోమవారం వస్తాను. మీరు నిశ్చింతగా ఉండండి.' తెలుగు పైన, ఇంగ్లీషు కింద. కోడలు కారెక్కుతూ చదవకుండానే సరేనని నొక్కేసింది.

శుక్రవారం పొద్దున్నే వీధి చివర టైలరమ్మ వచ్చింది. కొట్టు ఖాళీ చెయ్యమని యజమాని కోర్టుకెక్కాడట. నిన్న పొద్దున ఆ కాగితం ఫొటో తీసి వకీలమ్మకి పంపింది.

"కోర్టుకి జవాబివ్వడానికి నిన్నే ఆఖరి రోజటమ్మా. మా అమ్మాయి రాత్రి చదివి చెప్పింది. అయినా నాకేం భయం! నిశ్చింతగా ఉండమని వకీలమ్మ వెంటనే రాసిందిగా."

అత్తగారు ఆవిడ ఫోన్ లాక్కుని చూసింది. తన మూడు వాక్యాలూ ముత్యాల్లా ఉన్నాయి. కింద సంతకమే లేదు. మామూలు ఉత్తరాలకి అతుక్కునే సంతకం ఈ సెలవు జవాబుకి అతుక్కోదని ఆవిడకేం తెలుసు?

"ఇదిగో, ఇంగ్లీషులో నంబరుందిగా!"

"అది ఇంగ్లీషువాళ్లకి అనుకున్నానమ్మా. మనది పైనే అయిపోయిందిగా."

అత్తగారు ఆ నంబరు నొక్కింది. తోటి వకీలు అంతా విన్నాడు.

"నిన్న మధ్యాహ్నం ఒక్క ఫోన్ చేసుంటే అయిపోయేదండీ. ఆలస్యం మన్నించమని అర్జీ పెడతాను. ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను."

"తప్పు నాదని రాయండి బాబూ. నేనే సంతకం పెడతాను."

"మీరెవరని రాయనండీ?"

అత్తగారు ఫోన్ పెట్టేసింది. టైలరమ్మకి విషయం అప్పుడే మెల్లగా ఎక్కుతోంది. "అయితే నా మిషన్లు ఎప్పటిలోగా తీసెయ్యాలమ్మా?" అంది. నిష్ఠూరం కూడా లేదు, ఉత్త ప్రశ్నే. కాస్త తిట్టినా బాగుండునని అత్తగారు ఎదురుచూసింది. టైలరమ్మ తిట్టలేదు. జవాబు కోసం అలాగే నిలబడింది.