విశ్వసనీయ భాగస్వాములు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నా బిడ్డ ఏ ఇంట్లో పడుకుంటున్నాడో, తెలియకూడని మనిషికి తెలిసిపోవడం. జ్వరమొస్తే మందుంది, పడితే ఎత్తుకోవచ్చు. తలుపు అవతల నిలబడ్డ మనిషికి మందు లేదు.

మా అత్తగారు నవ్వుతుంది. "నీ కొడుకేమన్నా రాజుగారి వారసుడా, ఎత్తుకుపోవడానికి? ఒక్క పూట వాడి అల్లరి భరిస్తే, ఎత్తుకుపోయినవాడే బతిమాలి తెచ్చి దింపుతాడు" అంటుంది. నేనూ నవ్వుతాను. నవ్వి, వెళ్ళి గడియ ఇంకోసారి చూసుకుంటాను.

నేను చేసేది ఫోన్లు ఎత్తే పని. పసిపిల్లలకు ఏ టీకా ఎప్పుడో గుర్తుచేసే యాప్ ఒకటుంది, ఆ కంపెనీలో. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయిన నాకు ఇంతకన్నా మంచి ఉద్యోగం ఎవరిస్తారు? పక్కపక్కన అట్ట గోడలు, చెవులకు హెడ్‌ఫోన్లు, ఏసీ కింద కారే నీళ్ళకు ఒక ప్లాస్టిక్ బకెట్. ఎవరైనా "నా వివరాలు ఏం చేస్తారు?" అని అడిగితే, మా ముందు అంటించిన కాగితంలోని పేరా ఉన్నదున్నట్టు చదవాలి. సొంత మాట ఒక్కటి కలపకూడదు. తలా ఒక రకంగా చెబితే రేపు కంపెనీ మాట తప్పినట్టు అవుతుందని మా కంపెనీ లాయరమ్మ పెట్టిన నియమం. ఆ పేరా ఇది:

"సేవలను అందించుట, మెరుగుపరచుట నిమిత్తం వినియోగదారుల నుండి సేకరించిన వ్యక్తిగత సమాచారమును అవసరమైన కాలం మేరకు భద్రపరచి, సందర్భానుసారం మా విశ్వసనీయ భాగస్వాములతో పంచుకొనవచ్చును."

నేను దాన్ని ఎన్నిసార్లు చదివి ఉంటానో. చదివిన ప్రతిసారీ అవతలివాళ్ళు "సరేలెండి" అనేవారు. అర్థమై కాదు, విసుగొచ్చి.

ఆ రోజు పొద్దున ఫోన్ చేసినావిడ "సరేలెండి" అనలేదు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది, పక్కన పిల్ల నిద్రపోతున్నట్టు.

"అది నేనూ చదివానమ్మా. నాకు మాటల్లో చెప్పు. మొన్న ఇందులో అడ్రస్ మార్చాను. అది ఎవరికైనా వెళ్తుందా?"

నేను మళ్ళీ పేరా చదవడం మొదలుపెట్టాను. ఆవిడ ఆపింది.

"చెల్లెమ్మా, నీకు పిల్లలున్నారా?"

అలాంటివి చెప్పకూడదు. "ఉన్నాడండీ, ఒక్కడు" అన్నాను.

"అయితే విను. పాపను తీసుకుని ఇల్లు వదిలి వచ్చేశాను. నేనెక్కడున్నానో పాప నాన్నకు తెలియకూడదు. తెలిస్తే ఏమవుతుందో ఇదివరకు చూశాను, నా చెయ్యి ఇంకా సరిగ్గా లేవదు. ఈ ఖాతా ఆయన నంబరుతో తెరిచింది. కాన్పప్పుడు ఆస్పత్రిలో నర్సు అడిగితే ఆయనే తన నంబరు చెప్పారు. ఆయన ఈ యాప్ మొహం ఎప్పుడూ చూడలేదు. పాప పాత టీకాలన్నీ ఇందులోనే ఉన్నాయి కాబట్టి తీసెయ్యలేదు. దగ్గర్లో టీకాలు ఎక్కడ వేస్తారో చూపిస్తుందని కొత్త అడ్రస్ పెట్టాను. తర్వాత ఈ పేరా కంటబడింది. ఈ భాగస్వాములు ఎవరమ్మా?"

నాకు తెలియదు. ఇంతకాలం ఆ మాటను నోరారా చదివాను, వాళ్ళెవరో నేనెప్పుడూ అడగలేదు. "కనుక్కుని నేనే చేస్తాను అక్కా" అన్నాను. మేడమ్ అనాల్సింది, అక్కా అని వచ్చేసింది. ఆవిడ తన కొత్త నంబరు ఇచ్చింది.

లాయరమ్మ గది అద్దాల గది. అదృష్టమో ఏమో, ఆ పేరా గురించే మార్కెటింగ్ సారుతో కూర్చుని ఉంది. జనం మరీ మరీ అడుగుతున్నారని పైనుంచి మాట వచ్చిందట, దాన్ని అర్థమయ్యేలా తిరగరాయాలని. నేను చెప్పింది విని ఆవిడ కుర్చీ చూపించింది.

"కూర్చో. నువ్వే ఆ తల్లివనుకుని అడుగు. మేం జవాబు చెప్పలేని మాట ఏదైనా ఉంటే అది పేరాలో ఉండకూడదు."

"ఏమేం తీసుకుంటారు మేడమ్?"

"ఖాతా తెరిచిన ఫోన్ నంబరు, తల్లిదండ్రుల పేర్లు, బిడ్డ పుట్టిన తేదీ, వేసిన టీకాలు, అడ్రస్."

"ఎక్కడ దాస్తారు?"

"మనవి కావు, అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో. ఖాతా ఉన్నంతకాలం ఉంటాయి. మూసేసినా, పాడైతే తిరిగి తెచ్చుకోడానికి తీసిపెట్టిన నకళ్ళలో కొన్ని నెలలు ఉంటాయి. ఆ తర్వాత చెరిగిపోతాయి."

"మరి భాగస్వాములు?"

"వాళ్ళలో రెండు రకాలు" అంది లాయరమ్మ. "మెసేజ్‌లు పంపిపెట్టే కంపెనీ ఉంది. అది మనం చెప్పిన పనే చెయ్యాలి, ఆ నంబర్లను సొంతానికి వాడుకోకూడదు. మన చేతి కింద పనివాడిలాంటిది. రెండో రకం, ఒకసారి ఇచ్చాక ఆ వివరాలను వాళ్ళ సొంత వ్యాపారానికి వాడుకునేవాళ్ళు. అక్కడినుంచి పెత్తనం వాళ్ళది."

"రెండో రకం మనకున్నారా?"

లాయరమ్మ సారు వంక చూసింది. సారు పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు.

"ఒక్కరే మేడమ్. పిల్లల సరుకుల కంపెనీ. కొత్త తల్లులకు ఉచితంగా సబ్బు, పౌడరు, డైపర్లు పంపుతారు. బహుమతే కదా."

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం కాదూ? బహుమతి సరే, వాళ్ళకు ఇచ్చేదేంటి?" అంది లాయరమ్మ.

"తల్లి పేరు, పాప వయసు, అడ్రస్, ఫోన్ నంబరు."

"ఏ ఫోన్ నంబరు సార్?" అన్నాను.

"ఖాతా తెరిచిందే. మన దగ్గర ఉండేది అదొక్కటేగా."

"అడ్రస్ మార్చుకుంటే?"

"మారినవి రోజూ వాటంతటవే వెళ్ళిపోతాయి. కొత్త ఇంటికి వెళ్ళినవాళ్ళు కొత్త సరుకులు కొంటారని వాళ్ళే అడిగారు. పార్శిల్ బయలుదేరగానే..." అని ఆగాడు. అప్పుడే ఆయనకూ తట్టినట్టుంది.

"బయలుదేరగానే?"

"ఆ నంబరుకు మెసేజ్ వెళ్తుంది. ఫలానా అడ్రస్‌కు మీ బహుమతి వస్తోంది, అని."

అద్దం అవతల మావాళ్ళు ఫోన్లలో అదే పేరా చదువుతున్నారు, పెదవులు కదలడం కనిపిస్తోంది.

"దీనికి ఆ తల్లులెప్పుడు ఒప్పుకున్నారు?" అంది లాయరమ్మ.

"ఖాతా తెరిచేటప్పుడు, 'అన్నిటికీ అంగీకరిస్తున్నాను' దగ్గర టిక్కు పెట్టారుగా మేడమ్."

"టీకా గుర్తుచెయ్యమని పెట్టిన టిక్కును సబ్బులకు కూడా లాగావా? దేనికది విడిగా అడగాలయ్యా! నన్ను అడిగావా అసలు? ఈ పేరా మీద సంతకం పెట్టింది నేను. 'విశ్వసనీయ' అన్న మాట చూసి, అద్దె కంప్యూటర్లవాళ్ళు కామోసు అనుకున్నాను."

తర్వాతవన్నీ గబగబా జరిగాయి. ఫోన్ చేసినావిడ ఖాతాలో పంచుకోవడం ఆపించారు. సరుకుల కంపెనీకి లాయరమ్మ తనే ఫోన్ చేసింది, ఆవిడ వివరాలు వెంటనే తీసెయ్యమని. అవతల అమ్మాయి తియ్యగా మాట్లాడింది, నాలాగే కాగితం చూసి చదువుతోందని నాకు తెలిసిపోయింది. విన్నపం రాసి పంపండి, గడువులోగా జవాబిస్తాం. పార్శిలా? అది కొరియర్‌వాళ్ళకు అప్పగించేశాం, అది వాళ్ళ చేతిలో ఉంది. మనం ఇచ్చినవాళ్ళు ఇంకొకళ్ళకు ఇచ్చారు. కొరియర్‌వాళ్ళ ఫోన్ మోగుతూనే ఉంది.

"మెసేజ్ వెళ్ళిందా లేదా, అదొక్కటి చెప్పు తల్లీ" అని లాయరమ్మ బతిమాలింది.

"వెళ్ళింది మేడమ్. నిన్న."

నేను లేచి నిలబడ్డాను. "ఏం చెప్పను మేడమ్? పేరా చదవనా?"

"పేరా వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ధైర్యం చెబుతున్నానని అబద్ధం చెప్పకు."

ఆవిడ మొదటి రింగుకే ఎత్తింది. చెప్పాను. వెనక పాప ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"నిన్ననా?" అంది.

"అవునక్కా. పోలీసులకు ఫోన్ చెయ్యండి. మా లాయరమ్మ కూడా చేస్తోంది. ముందు ఆ ఇంట్లోంచి బయటికి రండి."

"ఎక్కడికి వెళ్ళనమ్మా? ఈ గది దొరకడమే గగనమైంది." ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "పొద్దున నీతో మాట్లాడాక ఎవరో పార్శిల్ ఇచ్చిపోయారు. నా పేరే ఉంది. ఎవరు పంపారా అనుకున్నాను. పాప డబ్బా చూసి ఎంత సంబరపడిందో." తర్వాత మెల్లగా, "చెప్పినందుకు సంతోషం చెల్లెమ్మా. ఇంకెవరూ చెప్పలేదు" అని పెట్టేసింది.

అంతే. ఆ తర్వాత ఆ నంబరు కలవలేదు. స్విచ్ ఆఫ్.

లాయరమ్మ అడ్రస్ పోలీసులకు ఇచ్చింది. అలాంటప్పుడు ఇవ్వొచ్చట. వాళ్ళు వెళ్ళేసరికి గదికి తాళం. ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. పక్కింటివాళ్ళు, సంచీ పట్టుకుని వెళ్తుంటే చూశాం అన్నారట. ఒక్కతేనా, పక్కన ఎవరైనా ఉన్నారా అంటే గుర్తులేదన్నారట. లాయరమ్మ ఇలా జరిగిందని పై అధికారులకూ రాసింది. సారు మొహం చూడలేకపోయాను. చెడ్డమనిషి కాదాయన, రోజూ నా కొడుకు ఎలా ఉన్నాడని అడుగుతాడు.

పేరా మారింది. లాయరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాసింది. ఇప్పుడు ఇలా ఉంది:

"మీ ఫోన్ నంబరు, పేర్లు, బిడ్డ పుట్టిన తేదీ, టీకాల వివరాలు, అడ్రస్ తీసుకుంటాం. టీకాలు గుర్తుచెయ్యడానికే వాడతాం. ఖాతా ఉన్నంతకాలం ఉంచుతాం. మూసేస్తే తీసేస్తాం, నకళ్ళలోంచి పోవడానికి కొన్ని నెలలు పడుతుంది. మెసేజ్‌లు పంపే కంపెనీ, కంప్యూటర్లు అద్దెకిచ్చే కంపెనీ మేం చెప్పిన పనికే వీటిని వాడతాయి. ఇంకెవరికైనా ఇవ్వాలంటే, వాళ్ళెవరో, ఏమిస్తామో చెప్పి ముందు మిమ్మల్ని అడుగుతాం. మీరు వద్దంటే ఇవ్వం. వద్దన్నా టీకాలు గుర్తుచేస్తాం."

అందరూ బాగుందన్నారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి. ఇప్పుడు ఫోన్లో చదివితే జనం మధ్యలో ఆపకుండా వింటున్నారు. నేను మాత్రం "అడ్రస్" అన్న చోట గొంతు సవరించుకుంటాను.

ఆవిడ పాత అడ్రస్, కొత్త అడ్రస్ రెండూ నా కంప్యూటర్ తెర మీద చూశాను. అక్కడికి వెళ్ళి వెతకాలని చాలాసార్లు అనిపించింది. లాయరమ్మ వద్దంది. ఉద్యోగం కోసం తెలిసిన అడ్రస్‌తో సొంతంగా వెళ్తే, నేనూ ఆ సరుకుల కంపెనీ ఒకటే అంది. ఇంటికి వెళ్ళి ఈ మాట చెబితే మా అత్తగారు ఈసారి నవ్వలేదు. తనే లేచి గడియ వేసింది.

అందుకే ఆవిడ పేరు ఇక్కడ రాయను. వీధి రాయను, పాప వయసు రాయను. రాస్తే మీరూ మా భాగస్వాములే అవుతారు. కానీ మీ వరసలోనో, మీ మేడ మీదనో ఈమధ్యే ఒక తల్లీ కూతురూ వచ్చి చేరి ఉండొచ్చు. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఒక చెయ్యి సరిగ్గా పైకి లేవదు. ఆ పేరా అర్థమయ్యేదాకా వదలని మనిషి, ఊరికే అలా ఫోన్ కట్టేసి కూర్చునే రకం కాదు. వాళ్ళ గురించి ఎవరినీ ఆరా తీయకండి, ఎవరికీ చెప్పకండి. అగ్గిపెట్టె అడిగే వంకతో ఒక్కసారి తలుపు తట్టి, లోపల ఇద్దరూ బాగున్నారో లేదో చూసి రండి.