అడగనిదంతా రాశాను

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా వార్డులో ఎవరినడిగినా చెబుతారు. అందుకే ఆ సాయంత్రం మా ఆడపడుచు నా జవాబు పత్రం తిరగేస్తూ నవ్వినప్పుడు, చేతిలో ఉన్న గరిటెతో ఒక్కటి వేద్దామా అనిపించింది.

నేను నర్సును. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసు. హెడ్ నర్సు కావాలంటే శాఖ పెట్టే రాత పరీక్ష పాసవ్వాలి. మూడుసార్లే రాయనిస్తారు. నేను రెండుసార్లు తప్పాను. రెండోసారి వచ్చినవి ముప్పై ఎనిమిది, కావలసినవి యాభై. ఇంకో ఆరు వారాల్లో మూడోది, ఆఖరిది. అదీ పోతే, నా తర్వాత చేరినవాళ్లు ఆ మంచం దగ్గరికి వెళ్లు, ఈ మంచం దగ్గరికి వెళ్లు అంటుంటే రిటైరయ్యేదాకా వెళ్తూ ఉండాలి. అందులో నామోషీ ఏముందంటారా? అబద్ధమెందుకు, ఉంది.

జవాబు పత్రం నకలు కావాలని అర్జీ పెట్టుకుంటే ఇంటికొచ్చింది. మా ఆడపడుచు హైస్కూలు టీచరు, ఏటా పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దుతుంది. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నది, నోరు మాత్రం తొంభై ఏళ్లది. తప్పెక్కడుందో చూసిపెట్టమని దాని చేతికిచ్చాను.

మొదటి ప్రశ్న, పడక పుండ్లు వచ్చే చోట్లు రెండు పేర్కొనండి, రెండు మార్కులు. నేను మూడు పేజీలు రాశాను. నడుము కింద, మడమ, మోచెయ్యి, తల వెనక, అవి ఎందుకొస్తాయి, ఎలా శుభ్రం చెయ్యాలి, అన్నీ. వచ్చినవి రెండే. మూడు పేజీలకు రెండు మార్కులు వేసిన మహానుభావుడెవరో కనిపిస్తే కడిగేద్దామని నా ఉద్దేశం.

"వదినా, మొదటి లైన్లోనే నీకు రెండూ పడిపోయాయి. ఆ తర్వాత రాసినదానికి వేద్దామన్నా మార్కులేవి?" అంది.

తర్వాతది, రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఎందుకవసరమో వివరించండి, పది మార్కులు. ఎలా తిప్పాలో నేను పద్నాలుగు అంకెలు వేసి వరసగా రాశాను. మూడు వేశారు. మందు నోటి ద్వారా ఇవ్వడాన్నీ నరంలోకి ఎక్కించడాన్నీ పోల్చండి అంటే, ఒక పేజీ నిండా నోటి మందు, ఇంకో పేజీ నిండా నరం మందు. నాలుగు. ఒకసారి వాడి పారేసే చేతి తొడుగుల వాడకాన్ని మూల్యాంకనం చేయండి అంటే తొడుక్కునే పద్ధతి రాశాను. రెండు. చివర చర్చించండి అన్న ప్రశ్నకొచ్చేసరికి గంట కొట్టేశారు.

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు అడగనిదంతా పెట్టావు, అడిగింది తప్ప," అంది పంతులమ్మ.

నాకు ఒళ్లు మండింది. మా పనిలో రాయనిది చెయ్యనట్టే లెక్క. కేసు షీట్లో ఒక్క మాట వదిలేస్తే రేపు మన మెడకే చుట్టుకుంటుంది. ఇన్నేళ్లు అన్నీ రాయడమే నేర్చుకున్న చెయ్యి ఇప్పుడు ఆగమంటే ఎలా ఆగుతుంది? అదే అన్నాను. నీ బడిపిల్లల కబుర్లు నా దగ్గర చెప్పకు అని కూడా అన్నాను. అది ఐదేళ్ల పాత ప్రశ్నపత్రాలు బల్ల మీద పెట్టి, ముందు ఒక్కో ప్రశ్నలో చివరి మాటా, పక్కనున్న మార్కులూ మాత్రం చూడమని చెప్పి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నేను వాటిని ముట్టుకోలేదు.

ఐదో రోజు, తుంటి ఆపరేషనైన ఒక పెద్దాయన భార్య నన్ను ఆపింది. ఈ రోజైనా ఇంటికి తీసుకెళ్లొచ్చు, సోమవారమైనా తీసుకెళ్లొచ్చు, మీ ఇష్టం అని డాక్టరుగారు చెప్పి వెళ్లారట. ఏం చెయ్యాలో పాపం ఆవిడకు పాలుపోవడం లేదు. పక్కన కూర్చుని చెప్పాను. కట్టు మార్చడం సంగతి చూస్తే ఇక్కడ మేమున్నాం, ఇంట్లో ఎవరో ఒకరు నేర్చుకోవాలి. నడక సంగతి చూస్తే ఇక్కడ చదును నేల, మీ మేడకు పద్దెనిమిది మెట్లు. నిద్ర సంగతికొస్తే ఇల్లే నయం, ఇక్కడ పక్క మంచాల దగ్గులు. ఇన్ఫెక్షన్ భయమూ ఇక్కడే కాస్త ఎక్కువ.

"నా మాట అడిగితే సోమవారం దాకా ఉంచండమ్మా. నిద్ర చాలకపోతే రెండ్రోజుల్లో సర్దుకుంటుంది. మెట్ల మీద జారితే మళ్లీ మొదటికొస్తుంది."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, పొద్దుట్నుంచి అందరూ ఏదో ఒకటి చెప్పారు గానీ తేల్చి చెప్పింది నువ్వొక్కదానివే అంది.

నేను మందుల ట్రాలీ దగ్గర అలాగే నిలబడిపోయాను. ఇప్పుడు నేను చేసిందేమిటి? ఒక్కో అంశం పట్టుకుని రెండు వైపులా చూపించాను. అది పోల్చడం. దేని బరువెంతో తూచి తీర్పు చెప్పాను. అది మూల్యాంకనం. రోజూ నోటితో చేసే పనిని కాగితం మీద చెయ్యలేదు, అంతే. సిగ్గేసింది. ఏడుపొచ్చేంత సంతోషమూ వేసింది.

ఆ సాయంత్రం నేనే ఆడపడుచు ఇంటికి వెళ్లాను. తప్పయిందని నా నోట రాదు, అది దానికీ తెలుసు. పాఠం చెప్పమన్నాను, చెప్పింది. పేర్కొనండి అంటే పేర్లు చాలు. వివరించండి అంటే ప్రతి మాట వెనకా ఎందుకో రావాలి: ఒకే వైపు పడుకుంటే ఎముక కింద ఒత్తిడి, ఒత్తిడికి రక్తం అందదు, రక్తం అందక చర్మం చచ్చిపోతుంది, అందుకే తిప్పాలి. చర్చించండి అంటే ఔననేవాళ్ల వాదన, కాదనేవాళ్ల వాదన, కారణాలతో సహా, చివర మన మొగ్గు. మూల్యాంకనానికి ఉత్త మొగ్గు చాలదు. మంచీ లోటూ ఆధారాలతో తూచి, ఎంతవరకు పనికొస్తుందో తేల్చాలి. ఇక లోతెంతో మార్కులే చెబుతాయి. వంద మార్కులకు మూడు గంటలు, అంటే పది మార్కులకు పద్దెనిమిది నిమిషాలు, రెండు మార్కులకు నాలుగు కూడా లేవు. ఆ నాలుగూ దాటితే అది నా చేతిలోంచి పెన్ను లాగేసేది. రెండుసార్లు పోట్లాడుకున్నాం, ఒకసారి మా ఆయన వచ్చి విడదీశాడు.

పరీక్ష రోజు మొదటి ప్రశ్న, రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు రెండు పేర్కొనండి. చెమటలు, వణుకు. నాకు పదకొండు తెలుసు. పెన్ను మూడోదాని మీదికి దూకబోయింది. రోడ్డు మీద పసిపిల్ల చెయ్యి పట్టి లాగినట్టు లాగాను.

ఆఖరి ప్రశ్నకు ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి. రోగుల బంధువులను రోజుకు రెండు గంటలే వార్డులోకి అనుమతించే నియమాన్ని మూల్యాంకనం చేయండి. ఆ నియమం పెట్టింది మా శాఖే, పేపరు దిద్దేదీ మా శాఖే. నియమం మంచిదని రాసేస్తే ఎవరికీ కోపం రాదు. కానీ అడిగింది పొగడమని కాదు, తూచమని.

రెండేళ్ల క్రితం ఒక కూతురు గేటు బయట కూర్చుని ఉండగానే లోపల తండ్రి పోయాడు. వేళ కాదని ఆ పిల్లను ఆపింది నేనే.

రాశాను. రోగికి విశ్రాంతి దొరుకుతుంది, వార్డు శుభ్రంగా ఉంటుంది, బయటి జబ్బులు తగ్గుతాయి. లోటు కూడా రాశాను. భయపడే రోగి తనవాళ్లుంటే కుదుటపడతాడు, అతనిలో మార్పును ముందుగా గుర్తుపట్టేదీ వాళ్లే. ఆ కూతురి సంగతి ఉదాహరణగా మూడు వాక్యాల్లో పెట్టాను. తర్వాత తీర్పు: "మామూలు రోగుల విషయంలో ఈ నియమం సరైనదే. చివరి ఘడియల్లో ఉన్నవారి విషయంలో దీన్ని సడలించే అధికారం హెడ్ నర్సుకు ఉండాలి. వారికి విశ్రాంతి చేసే మేలు కన్నా, తమవాళ్లు పక్కన లేని నష్టం పెద్దది."

పాసయ్యాను. అరవై నాలుగు. ఈసారి కూడా నకలు తెప్పించుకున్నాను. ఆఖరి ప్రశ్నకు పదికి ఎనిమిది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ నియమాన్ని పాటించమన్నవాళ్లే గానీ, నువ్వేమంటావు అని అడిగినవాళ్లు లేరు. ఆ ఎనిమిదిని చూస్తూ చాలాసేపు ఏడ్చాను.

హెడ్ నర్సుగా చేరిన వారానికే అదే మాట అర్జీగా రాసి పైకి పంపాను. ఒక్క పేజీయే రాశాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు, ఒప్పుకునేదాకా ఏటా పంపుతాను.