బెల్టు తీసి చూస్తే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు దాన్ని ఎంకమ్మ మీద చూపించడం నా జన్మలో చేసిన పెద్ద పొరపాటు.

నేను ఈరయ్యను. తాండూరులో బండల పాలిషు కార్ఖానాలో యంత్రాలు బాగుచేసేవాణ్ణి. అరవై నాలుగులో స్టేషన్ రోడ్డు మొగులప్ప తన హోటలుకు మోటారు రోలు తెప్పించాడు. ఇప్పుడు గ్రైండరు అంటున్నారే, అదే. రాతి డ్రమ్ము తిరుగుతుంది, పైనుంచి ఇనుప చేతికి బిగించిన పొత్రం కదలకుండా పిండి రుబ్బుతుంది. ఊళ్ళో అలాంటిది అదొక్కటే, బాగుచేసేదీ నేనొక్కణ్ణే కాబట్టి దాని విషయంలో నా మాటే వేదం.

ఒకనాటి పొద్దున వెళ్ళేసరికి డ్రమ్ము గర్రుగర్రుమని ఒర్రుతోంది. హోటలు గడప ముందు ఎంకమ్మ నిలబడి ఉంది. పక్క ఊరు యాలాల నుంచి నడిచొచ్చి, అరిగిన రోళ్ళకు ఉలితో గంట్లు పెట్టడం ఆమె పని. ఈ డ్రమ్ముకు నిన్ననే పెట్టింది.

"నువ్వు ముట్టినంకనే గిట్లయింది! ఇంక గీ బజార్ల ఎవ్వరు నిన్ను పిలువకుండ చేస్త," అని మొగులప్ప రోడ్డు మీదే అరిచాడు. చుట్టుపక్కల దుకాణాల వాళ్ళంతా తొంగి చూశారు. ఆ మాట నిలబడితే ఆమె నోట్లో మట్టే. యంత్రం మీద చెయ్యయినా వేయకుండా నేనూ అందుకున్నాను. "గంటు తప్పు పడ్డది, సేటూ. ఇంకేముంటది?"

ఎంకమ్మ నా వైపు చూసింది. "ఈరయ్యా, నా గంటు ఎగుడైతే డ్రమ్ము తిరిగినప్పుడల్లా ఒక్కపారి టక్కుమంటది. ఇది ఆగకుంట రాపుతున్నది. చెవులున్నయిగా, ఇను."

విన్నాను. మంట పుట్టింది, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం.

స్విచ్చు ఆపి, మోటారు నుంచి డ్రమ్ముకు వేసిన బెల్టు విప్పకుండానే డ్రమ్మును చేత్తో తిప్పాను. రాపిడి. పొత్రానికీ డ్రమ్ము గోడకూ మధ్య పోస్టుకార్డు దూర్చబోతే పోలేదు. బెల్టు తీసేశాను. డ్రమ్ము కాస్త పక్కకు కదిలింది, కార్డు సులువుగా దిగింది, రాపిడి పోయింది. మిగిలింది కింద నుంచి సన్నటి గరగర. డ్రమ్ము అంచు పట్టి ఊపితే ఊగింది. బేరింగు అరిగిపోయింది.

"ఎందుకరిగింది?" అని ఎంకమ్మ అడిగింది. అడగకపోతే బాగుండుననిపించింది.

డ్రమ్ము అడుగు పొడిగుడ్డతో తుడిచి, లోపల నీళ్ళు పోశాను. గోడలు బయట పొడిగానే ఉన్నాయి. అడుగున నడుమ ఇరుసు చుట్టూ మాత్రం చుక్క చుక్క కారింది. అక్కడ నీళ్ళను ఆపాల్సిన మెత్తటి రబ్బరు సీలు గోటికి గట్టిగా తగిలింది, అంచు చిట్లింది.

"సేటూ, దీన్ని దేంతోని కడుగుతున్నరు?"

"మసిలిన నీళ్ళతోనే. జిడ్డు పోవాలె గద!"

తిలాపాపం తలా పిడికెడు. వేడినీళ్ళకు సీలు పాడయింది. కారిన పిండినీళ్ళు బేరింగులో గ్రీజు కడిగేశాయి, బెల్టును తడిపాయి. తడిసిన బెల్టు జారింది. పది రోజుల కింద "బెల్టు జారుతున్నది" అని మొగులప్ప పిలిస్తే వచ్చిందెవరు? నేనే. బెల్టు ఎందుకు తడిసిందో చూడకుండా, మోటారు వెనక్కి లాగి, తీగలా బిగించి, చాయ్ తాగి వెళ్ళిపోయాను. ఆ లాగుడుకు, అరిగిన బేరింగు మీద డ్రమ్ము రోజురోజుకూ ఒరిగి, చివరికి పొత్రానికి ఒరుసుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను ఆమె ఉలిని తప్పుపట్టాను.

మొగులప్పకు చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు. "సరే, గీ మాట లోపల్నే ఉండనియ్యి, ఈరయ్యా. గిరాకీ చూస్తున్నది. వికారాబాద్ పోయి సీలు, బేరింగు తెచ్చి బిగించు, అయిపోతది."

అయిపోతుంది, మా ఇద్దరికీ. ఎంకమ్మకు మాత్రం కాదు.

సిగ్గుపడుతూనే గడప దిగి రోడ్డు మీదికి వచ్చాను. "ఎంకమ్మ గంట్లు మంచిగున్నయి. తప్పు నాది. బెల్టు నేనే ఎక్కువ గుంజిన," అన్నాను. పక్క దుకాణానికైనా వినిపించిందో లేదో.

ఎంకమ్మ రోడ్డు చివరిదాకా ఒకసారి చూసింది. ఆమె గంట్లు పెట్టేది ఆ దుకాణాలవాళ్ళ ఇళ్ళలోని రోళ్ళకే.

"జర గట్టిగ చెప్పు, ఈరయ్యా," అంది. "సేటు ఒర్రింది ఆ కొస దుకాణం దాంక ఇనబడ్డది. నీ మాట ఇంకా ఆడిదాంక పోలే."

ఈసారి రోడ్డు మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.