ఇరవై నాలుగో చెరువు

స్లైడు మీద ఒక చెరువు లేదు.

ఝాన్సీ మళ్ళీ లెక్కపెట్టింది. రొయ్యల చెరువుకో చుక్క. పాత మేతకి పన్నెండు, కొత్త మేతకి పదకొండే. కింద టి విలువ పక్కన స్వేచ్ఛాంశాలు 21 అని ఉంది. ఇరవై నాలుగు చెరువులకైతే రెండు తీసి 22 ఉండాలి. పి విలువ 0.011 అట, అంటే రెండు మేతలకీ తేడా ఉన్నట్టే!

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అవుట్‌పుట్ చూసి తన చేత్తో రాసిన ఫలితాల సారాంశంలో పి 0.90. సగటున నూటికి కొత్త మేతతో 71.8 రొయ్యలు, పాత మేతతో 71 బతికాయి. తేడా ఉన్నట్టు చెప్పలేం అని రాసింది. ఇక్కడేమో కొత్త మేత 78!

సారాంశం, స్లైడ్లు రెండూ పొద్దున్నే తన మెయిలు నుంచే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారికి వెళ్ళిపోయాయి. ఆయన పక్క గదిలో టీ తాగుతున్నారు.

"ఇదేంటమ్మా?" స్టాటిస్టిక్స్ లెక్చరర్ సత్యప్రియ గొంతు తగ్గించింది. "సారాంశంలో ఒకటి, స్లైడులో ఒకటీనా? డేటా దిద్దేరంటే ఇద్దరికీ ప్రాక్టికల్ పోయినట్టే. ఎమ్మెస్సీ సీటు మాటే మర్చిపో."

"నేను ముట్టుకోలేదండి. యశ్వంత్ చార్టులు పంపేడు, నేను అతికించేనంతే."

ప్రాజెక్టులో ఆమెకి జతగా ఉన్న యశ్వంత్ కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు.

"ఏరా, నోరు పడిపోయిందా?" అంది ఝాన్సీ. "గీతలు తీసి, రంగులు తగ్గించి శుభ్రం చెయ్యమన్నాను గానీ చెరువులు పూడ్చమన్నానా?"

"ఆ చెరువు తియ్యడం తప్పు కాదురా," అంది సత్యప్రియ, అలసటగా. "ఎందుకు తీసేరో రాసి, ఉంచినప్పటి ఫలితం, తీసినప్పటి ఫలితం రెండూ పక్కపక్కన పెడితే చాలు. చెప్పకుండా తియ్యడమే..."

పక్క గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"చెప్పరా!" అంది ఝాన్సీ.

యశ్వంత్ ఇటు తిరిగాడు.

"ఆయ్, నేనే తీసేనండి. ఝాన్సీకి తెలీదు. చార్టు గీస్తే చుక్కలన్నీ పైన గుంపుగా ఉన్నాయండి, ఒక్కటి మాత్రం అడుగున, నూటికి నాలుగు దగ్గర. అది ఉప్పలగుప్తంలో మా చెరువండి. తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలు చచ్చి తేలిపోయాయి. పాత మేతే చాల్లేరా అన్నారు మా నాన్నగారు. నేనే వినలేదు, మన ప్రాజెక్టుకి పనికొస్తుందని కొత్తది వేయించేను. రోగం మేతవల్ల రాదని నాకు తెలుసండి. ఆయనకి చెబితే నమ్మట్లేదు, చెరువు గట్టు మీదకే వెళ్ళట్లేదు. ఇంతమంది ముందు కర్రతో ఆ చుక్క చూపించి 'గుంపులో కలవని దీన్ని అవుట్‌లయర్ అంటారు' అని చెప్పాలి కదండీ... నా నోటంట రాదనిపించింది. అందుకే డేటా షీట్లో ఆ చెరువు వరస సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేను. చార్టు చాలా శుభ్రంగా వచ్చిందండి."