వాలిన వైపే నింపమంది

ఇంజనీరమ్మ చేసిన తప్పల్లా ఫోనులో 'సరే' అనడమే. ఏటి మొగలో ఇసుక మేట వేసింది, అడుగు తగిలేలా ఉంది, నిలకడకని అడుగు తొట్లలో నింపిన నీళ్లు సగం తోడేయమంటారా అని బార్జి మీద పెత్తనం చేసే సరంగు అడిగాడు. తోడితే బార్జి ఎంత పైకి తేలుతుందో లెక్క కట్టి, చాలుతుంది, తోడేయమంది. నిలకడ లెక్క మాత్రం మళ్లీ వేయలేదు. తొట్లు నిండుగా ఉన్నప్పటి పాత లెక్క చేతిలో ఉంది కదా అనుకుంది. చదువు, అనుభవం అన్నీ ఉన్న మనిషికి ఆ పూట బుద్ధి గడ్డి తిన్నదనే అనాలి.

బార్జి ఒరిగితే, నీళ్లు దాన్ని పైకి నెట్టే చోటు కూడా ఒరిగిన వైపుకే జరుగుతుంది. ఆ నెట్టుడు నిటారుగా పైకి పోయి బార్జి నడిగీతను తాకే చోటే మెటాసెంటర్. మొత్తం బరువుకు కేంద్రం దానికి కింద ఉన్నంతసేపూ ఒరిగినది లేస్తుంది. పైకి పోయిందా, నిటారుగా నిలవనే నిలవదు. ఈ బార్జి మీద రెండు పెద్ద బాయిలర్లున్నాయి. అడుగున నీళ్లు తీసేసరికి బరువు పైకెక్కింది. మిగిలిన సగం నీళ్లు బార్జి ఎటు వాలితే అటే పరుగెత్తి ఉన్న నిలకడనూ తినేశాయి.

ఇదంతా ఆమెకు వాకీటాకీలో తమ్ముడి మాటతో తెలిసింది. వాడు ఆ బార్జిలోనే పంపు డ్రైవరు, ఆమె వేయించిన ఉద్యోగమే. "మన బార్జికి తిక్క పట్టిందక్కా. పొద్దున ఎడమకి వాలింది. ఇందాక లాంచీ అల తగిలితే కుడికి వాలి అక్కడే కూర్చుంది" అని నవ్వాడు.

బరువు ఒక పక్క ఎక్కువైతే ఎప్పుడూ ఆ పక్కకే వాలుతుంది. అటూ ఇటూ వాలుతోందంటే నిలకడే లేదని అర్థం. చెప్పులు కూడా వేసుకోకుండా లాంచీ ఎక్కింది.

సరంగు డెక్కు మీద నిలబడి, లేచిన ఎడమ వైపు తొట్టి నింపబోతున్నాడు. అలా నింపితే బార్జి నిటారుకు వచ్చి ఆగదు, ఊపుతో అవతలి పక్కకు పడుతుంది. వద్దని ఆమె లాంచీలోంచే అరిచి చెప్పి, అందరినీ పక్కనున్న టగ్గు, బార్జిని లాగే పడవ, ఎక్కించమంది. తమ్ముణ్ణి మాత్రం వాకీటాకీలో పిలిచి పంపు గదిలోనే ఉండమంది. వాలిన వైపు తొట్టే ముందు నిండాలి. నింపేది వాడొక్కడే.

"ముందు ఇంకాస్త వాలుతుందిరా. భయపడకు. నిండేకొద్దీ బరువు కిందికి దిగుతుంది, తర్వాత అవతలిది నింపుదాం."

"నువ్వు చెప్పావుగా అక్కా, ఇంక భయమేంటి?"

చెప్పినట్టే ఇంకాస్త వాలింది. టగ్గు మీదికి చేరిన సరంగు ఆ వాలు చూసి హడలిపోయాడు. ఆవిడ పిచ్చి లెక్కకు పిల్లాడు పోతాడని, బార్జి ఎడమ గుంజకు కట్టిన తాడును టగ్గుతో లాగమన్నాడు. వాడి ప్రాణం కాపాడాలనే లాగించాడు పాపం. ఆమె వద్దని మొత్తుకున్నది ఇంజను హోరులో ఎవరికీ వినబడలేదు. బార్జి బుద్ధిగా నిటారుకు వచ్చింది. టగ్గు వాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. అక్కడ ఆగకుండా ఎడమకు పడింది, లోపలి నీళ్లన్నీ వెంటే దొర్లాయి, బాయిలర్లు గొలుసులు తెంపుకున్నాయి. చూస్తుండగానే అడుగు పైకొచ్చేసింది.

తిరగబడ్డ బార్జి ఎంత నిలకడగా తేలిందో! అలలు కొట్టినా కదల్లేదు. ఆమెకు దాన్ని చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

లాంచీని ఆనించి దాని వీపు మీదికెక్కి, చెవి పెట్టి వింది. లోపల్నుంచి కొడుతున్నాడు. బతికే ఉన్నాడు. సరంగు ఏడుస్తూ గ్యాస్ కట్టర్ తెప్పించి రేకు కోయమన్నాడు. ఆమె అడ్డంగా పడుకుంది. కోస్తే లోపలి గాలి బయటికి పోతుంది, వాడు తల బయట పెట్టేలోపే బార్జి మునుగుతుంది. కబురు పెట్టిన గజ ఈతగాళ్లు వచ్చేదాకా ఆగాలి.

"ఇంకా నీ లెక్కలేనా తల్లీ?" అన్నాడు సరంగు.

ఈ లెక్క సరైనదే. ఇందాకటిదీ సరైనదే. రేకు మీద స్పానర్‌తో కొడుతూ, వస్తున్నార్రా, వస్తున్నార్రా అంటూనే ఉంది. లోపలి చప్పుడు నెమ్మదించింది. తర్వాత ఎంత కొట్టినా ఏమీ లేదు. ఈతగాళ్ల పడవ ఇంకా కనుచూపు మేరలో లేదు.

అప్పుడు మరదలు ఫోన్ చేసింది.

"ఆయన ఫోన్ ఎత్తట్లేదు వదినా. బార్జి దిగిపోయారా?"

"లేదమ్మా, లోపలే ఉన్నాడు" అంది ఆమె. "నేనే ఉండమన్నాను."